కల్ అంటే నిన్నా, రేపా?

మొన్నీమధ్య హుకుంపేట నుంచి మా బావ ఫోన్ చేశాడు. "నువ్వు సాఫ్ట్‌వేరే కదా బావా, ఈ ఫోను అబద్ధం చెప్తాదా?" అని మొదలెట్టాడు. సంగతేంటంటే, కాఫీ తోటలోని మిరియాలు 120 కిలోలు బయటి వ్యాపారికి మాట్లాడుకున్నాడు. ఆయన హిందీలో "కల్ వాలా రేట్ హీ మిలేగా" అని మెసేజి పెట్టాడు. బావకి హిందీ రాదు, ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాడు. మెసేజి మీద వేలు నొక్కిపట్టి ట్రాన్స్‌లేట్ అంటే, రేపటి రేటే ఇస్తాను అన్నట్టు ఇంగ్లీషులో వచ్చింది. రేటు పెరుగుతోంది కదా, ఇంకేం, ఓకే అనేశాడు. మర్నాడు కిలోకి 15 రూపాయలు పెరిగింది. వ్యాపారి ఇచ్చింది మాత్రం నిన్నటి రేటు. 1,800 రూపాయలు పోయాయి.

వ్యాపారి మోసం చేయలేదు. హిందీలో నిన్నకీ రేపటికీ మాట ఒకటే, కల్. ఏది అనేది మామూలుగా క్రియ చెబుతుంది. ఆయా అంటే నిన్న, ఆయేగా అంటే రేపు. కానీ ఇక్కడ "మిలేగా" చెప్పేది డబ్బు ఇవ్వబోవడం గురించి, ఏ రోజు రేటో అది చెప్పదు. పై మెసేజిలు చదివిన మనిషికైతే తెలిసిపోయేది. యంత్రానికి అందింది ఆ ఒక్క వాక్యమే. దాని లోపల రెండు అర్థాలకీ మార్కులుంటాయి, ఒకటి కొద్దిగా ఎక్కువ, ఇంకోటి కొద్దిగా తక్కువ. తెర మీదకొచ్చేది గెలిచినది ఒక్కటే, అదీ ఏ తడబాటూ లేని ఇంగ్లీషులో. నా గొడవంతా ఇక్కడే. అనుమానం ఉన్నప్పుడు అనుమానం అని చూపించాలి కదా!

మన బుర్రకి వెంటనే తట్టే పరీక్ష ఒకటుంది. వచ్చిన అనువాదాన్ని తిప్పి హిందీలోకి మార్చి చూడటం. నేనూ అదే చేశా. టుమారో పెడితే కల్ వచ్చింది, భేష్! యెస్టర్‌డే పెట్టినా కల్లే వచ్చింది :) అంటే అర్థం సగం పోయినా ఈ పరీక్షలో నూటికి నూరు మార్కులు పడతాయి. ఒక భాష వదిలేసే తేడాని ఇంకో భాష తప్పనిసరిగా చెప్పాల్సి వచ్చినప్పుడు తిప్పి చూడటం పనికిరాదు.

ఇలాంటిదే ఇంకోటి, "పైసే భేజ్ దియే". ఎవరు పంపారో హిందీ క్రియలో లేదు. తెలుగులో పంపానో, పంపాడో, పంపారో తేల్చకుండా వాక్యం పూర్తవదు. యంత్రం ఏదో ఒకటి తేల్చేస్తుంది.

"మరి నా మెసేజి ఎక్కడికీ పోదన్నారు కదా" అన్నాడు బావ. అది నిజమే, కానీ అది వేరే సంగతి. 2025 సెప్టెంబరులో వాట్సాప్ అనువాదం మొదలెట్టినప్పుడు చెప్పింది కూడా అదే. మెసేజి మీ ఫోన్‌లో విప్పబడ్డాక, ముందే దించుకున్న భాషా ప్యాక్‌తో అక్కడే అనువాదమవుతుంది, కాబట్టి కంపెనీకి కనపడదు. (ఆండ్రాయిడ్‌లో మొదట ఇచ్చిన ఆరు భాషల్లో తెలుగు లేదు, అది మన ఖర్మ.) ఫోన్‌లోనే అనేది గోప్యతకి హామీ, అర్థానికి కాదు. పైగా ఫోన్‌లో పట్టాలంటే మోడల్ చిన్నదవ్వాలి. గూగుల్ ఎంఎల్ కిట్‌లో ఒక్కో భాషా మోడల్ 30 ఎంబీ దాకా ఉంటుంది. అందులో హిందీ నుంచి తెలుగుకి నేరుగా దారి లేదు, ఇంగ్లీషు మీదుగా పోవాలి:

```
hi -> en -> te
```

మనం, మేము అనే తేడా హిందీ "హమ్"లోనే లేదు, ఆ మధ్య మజిలీలో వచ్చే ఇంగ్లీషు "వి"లోనూ లేదు. "మేము భరిస్తాం"కీ "మనం భరిద్దాం"కీ రవాణా ఖర్చులో ఎంత తేడా ఉందో బేరమాడిన వాళ్ళకి తెలుసు.

మీ ఫోన్‌లో ఏది ఎక్కడ జరుగుతోందో చూడాలంటే ప్యాక్ దించుకుని, ఇంతవరకు అనువదించని మెసేజి ఒకటి ఉంచుకుని, ఏరోప్లేన్ మోడ్ పెట్టి నొక్కండి. అనువాదం వస్తే అక్కడే జరిగినట్టు. అదే మెసేజిని కాపీ చేసి ఇంకో యాప్‌లో అతికిస్తే మాత్రం ఆ హామీ వర్తించదు, అది సర్వర్‌కి పోవచ్చు.

అన్నట్టు, మా సంతలో సగం మాటలు ఆదివాసీ ఒడియా, కువి. వాటిని తెలుగు అక్షరాల్లో టైపు చేస్తే గుర్తుపట్టే యంత్రం తనకు తెలిసిన భాషల్లోంచి ఒకటి అంటగట్టొచ్చు. అక్కడ వచ్చే అనువాదం గురించి మాట్లాడుకోకపోవడమే మంచిది.

బావకి నేను చెప్పింది ఒకటే. డబ్బు, రోజు, ఎవరు అనే మూడూ ఉన్న మెసేజికి అనువాదం చూసి ఓకే కొట్టకు, తేదీ, రేటు అంకెల్లో రాయమని అడుగు. ఆ 1,800 గురించి వ్యాపారితో మాట్లాడాడు. కల్ అంటే కల్లే కదా అన్నాడట ఆయన.