కిస్తీ కాదు, అమ్మకం ధర చూడాలి

మయూర్ విహార్‌లో కేటరింగ్ నడిపే ఒక భాగస్వామ్య సంస్థ డీజిల్ వ్యాను తీసుకోవాలనుకుందాం. ధర 10 లక్షలు. బ్యాంకు 10 శాతం వడ్డీకి అప్పిస్తుంది. లీజు కంపెనీ ఏటా 2.4 లక్షల చొప్పున ఐదేళ్లు కట్టి, బండి తిరిగి ఇచ్చేయమంటుంది. అద్దె మొత్తం ఖర్చు కింద రాసుకోవచ్చు, పన్ను మిగులుతుంది అని ఊరిస్తుంది కూడా. అది అబద్ధం కాదు. కానీ కొన్నవాళ్లకూ వడ్డీ, తరుగుదల రెండూ ఖర్చు కిందికే వస్తాయి.

సెస్సు, జీఎస్టీ పక్కన పెట్టి 30 శాతం పన్ను అనుకుంటే, ఈ సంస్థకు 10 శాతం వడ్డీ అసలు భారం 7 శాతమే. రాబోయే సొమ్మంతటినీ ఆ రేటుతోనే నేటి విలువకు తేవాలి. అలా తెస్తే కిస్తీల విలువ, వడ్డీ మీద మిగిలే పన్ను పోను, సరిగ్గా 10 లక్షలకే వచ్చి నిలుస్తుంది. కిస్తీని అద్దెతో పోల్చడం అందుకే దండగ.

ఇక కొంటే తగ్గేవి రెండు. ఏటా మిగిలిన విలువ మీద 15 శాతం తరుగుదల వల్ల ఐదేళ్లలో ఆదా అయ్యే పన్ను నేటి విలువలో సుమారు 1.40 లక్షలు. ఐదేళ్ల తర్వాత బండి 3.5 లక్షలకు అమ్ముడైతే దాని నేటి విలువ 2.50 లక్షలు. నికర ఖర్చు 6.10 లక్షలు. లీజులో పన్ను పోను ఏటా 1.68 లక్షలు, నేటి విలువలో 6.89 లక్షలు. కొనడమే దాదాపు 78 వేలు చవక.

అదే బండికి 1.5 లక్షలే వస్తే కొన్న ఖర్చు 7.53 లక్షలకు చేరి లీజు గెలుస్తుంది. రెండూ సరితూగేది అమ్మకం ధర 2.4 లక్షల దగ్గర. తీర్పు చెప్పేది పన్ను కాదు, ఆ ధర.

ఢిల్లీలో ఆ ధరను నమ్ముకోవడం కష్టం. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు రాజధాని ప్రాంతంలో తిరగరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ తర్వాత కూడా ఆదేశాలు మారుతూనే ఉన్నాయి. పక్కనే ఉన్న నోయిడా కూడా ఈ పరిధిలోనిదే. ఐదేళ్ల బండిని కొనేవాడు మిగిలిన ఐదేళ్లనే లెక్కగడతాడు.

అందుకే డీజిల్‌కు లీజువైపే నా మొగ్గు, ఒక్క షరతు మీద. చివర్లో ఇంత ధరకు మీరే కొనాలనో, తక్కువకు అమ్ముడైతే తేడా భరించాలనో ఒప్పందంలో ఉంటే ఆ ముప్పు మళ్లీ మీ నెత్తినే. అంచనా పద్ధతిలో, అమ్మకాల మీద ఇంత శాతం లాభమని చూపి పన్ను కట్టే చిన్న దుకాణదారుకు అద్దె, తరుగుదల ఏవీ విడిగా తగ్గవు. ఆయన పన్ను ఊసు వదిలేసి 10 శాతం రేటుతోనే లెక్క వేసుకోవాలి.