మశూచి టీకా వీధికి రావాలి

పల్నాడులో వానలు పడి, సాగర్ కుడికాలువ నీళ్ళు మళ్ళలోకి చేరాయంటే దోమలు లేస్తాయి. వాటి వెనకే పెరటి కోళ్ళకు మశూచి వస్తుంది. ముక్కు మొదట్లో, తురాయి మీద, కంటి రెప్పల మీద ఉలిపిరికాయల్లాంటి పొక్కులు లేచి నల్లటి పెచ్చులు కడతాయి. చర్మం వరకే ఉంటే మూడు నాలుగు వారాల్లో చాలా కోళ్ళు తేరుకుంటాయి. కళ్ళు మూసుకుపోయిన పిల్ల మాత్రం గింజ కనపడక చిక్కిపోతుంది. నోట్లో, గొంతులో పసుపుపచ్చ పొర కడితే ఊపిరాడక చస్తుంది.

పసుపు, వేపనూనె రాస్తే పుండు చీము పట్టకుండా కొంత కాపాడవచ్చు. వైరస్‌ను చంపవు. మందుల షాపులో ఇచ్చే యాంటీబయాటిక్ సంగతీ అంతే. జబ్బుకోడిని కుట్టిన దోమ కొన్ని వారాలపాటు వైరస్‌ను మోసుకు తిరుగుతుంది. రాలిన పెచ్చుల్లోనైతే అది నెలల తరబడి బతుకుతుంది. కాబట్టి జబ్బుకోడిని విడిగా కట్టేసినంత మాత్రాన పక్కింటి గంప కింది కోళ్ళకు భరోసా లేదు.

ఉన్న దారి టీకా. అది దొరకని మందేమీ కాదు, పెరటి లెక్కకు ఇమడని మందు. సీసాలో వంద డోసులో, అంతకు మించో ఉంటాయి. ద్రావకం కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. ఎనిమిది కోళ్ళున్న ఇల్లాలు సీసా కొని ఏం చేసుకుంటుంది? పందెం పుంజుకు బాదంపప్పు పెట్టే చేతులు దాని టీకా సంగతీ చూసుకుంటాయి. గుడ్లమ్మి పూట గడుపుకునే ఇంటి పెట్టకే సూది అందదు.

అందుకే ‘కోళ్ళు ఆసుపత్రికి తెస్తే వేస్తాం’ అనే పద్ధతి పోవాలి. పది పన్నెండు ఇళ్ళ కోళ్ళు కలిస్తే ఒక సీసాకు సరిపోతాయి. నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతాల్లో పశుసంవర్ధక శాఖ వానలకు ముందే వీధివారీగా తేదీ ప్రకటించాలి. ముందురోజు సాయంత్రం దండోరా వేయించి, తెల్లవారుజామున కోళ్ళను గంపల కింది నుంచి వదలకముందే పశుసంవర్ధక సహాయకుడు ఐస్‌పెట్టెతో రావాలి. పగలైతే చేలమీద పడ్డ కోళ్ళను ఎవరు పట్టుకొస్తారు?

వేయడంలోనూ మెలకువ కావాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసు పిల్లలకు రెక్క కింది పల్చని పొరలో, ఈకలూ రక్తనాళమూ తప్పించి, రెండు ముళ్ళ సూదిని మందులో ముంచి గుచ్చాలి. సూది ఈకలకు తగిలితే మందు అక్కడే తుడుచుకుపోతుంది. వారం పది రోజులకు గుచ్చినచోట చిన్న వాపో పెచ్చో కనపడితేనే టీకా పట్టినట్టు. ఏమీ లేకపోతే మందు చల్లదనం తప్పి పాడైందో, చేయి తప్పిందో, కోడికి ముందే రోగనిరోధక శక్తి ఉందో తేల్చాలి.

ఇప్పుడు సాధారణంగా ఎన్ని డోసులు వేశారన్నదే లెక్కలోకి వెళుతుంది. వీధికి పది కోళ్ళ రెక్కలు విప్పి చూసి, ఎన్నింటికి పట్టిందో కూడా అదే రిజిస్టరులో రాయాలి. పట్టని వీధికి మరో సీసా పంపాలి. పొక్కులు మొదలైన ఊళ్ళో కూడా, జబ్బు ఇంకా కొద్ది కోళ్ళలోనే ఉంటే, ఆరోగ్యంగా ఉన్నవాటికి వెంటనే వేయాలి. టీకా పని చేయడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది గనుక ఫిర్యాదు వచ్చాక పై ఆఫీసుకు ఇండెంటు రాసి కూర్చుంటే దోమ ఆగదు.