"జాప్యం జరిగింది" అంటే, ఎవరు చేసినట్టు?

సెమిస్టర్ పరీక్షల ముందు ఆన్‌లైన్‌లో ఒక సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఆర్డర్ పెట్టాను. ధర 1,295 రూపాయలు. నా అకౌంట్‌లో అంత లేదు. అందుకని మెదక్‌లో మా కిరాణా షాపులో కూర్చున్న నాయిన ఫోన్ నుంచి యూపీఐలో కట్టించాను. తీరా వచ్చింది వేరే మోడల్, పరీక్ష హాలులోకి రానివ్వనిది. మర్నాడే రిటర్న్ పెడితే కొరియర్ అబ్బాయి వచ్చి పార్శిల్ తీసుకెళ్లాడు. డబ్బులు మాత్రం రాలేదు. పన్నెండు రోజులు చూసి కస్టమర్ సపోర్టుకు మెయిల్ కొట్టాను.

ఒక్కరోజులో జవాబొచ్చింది. మంచి ఇంగ్లీషు, మర్యాదగా ఉంది. హాస్టల్లో చదివి వినిపిస్తే మా రూమ్మేట్ "తప్పు ఒప్పుకున్నార్రా, సారీ కూడా చెప్పారు కదా" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. ఆదివారం ఇంటికెళ్లినప్పుడు నాయినకు అదే మెయిల్ తెలుగులో చెప్పాను. ఆయన తూకం వేస్తూనే అంతా విని ఒకటే అడిగాడు: "అంత మంచిగనే ఉంది గని, పైసలు ఎవలిస్తరు? ఎప్పుడిస్తరు? అది జెప్పిన్రా?"

మళ్లీ చదివాను. చెప్పలేదు! ఐదు వాక్యాల మెయిల్‌లో ఆ రెండు ప్రశ్నలకూ జవాబు లేదు. మరి ఇంగ్లీషులో చదివినప్పుడు ఎందుకు తట్టలేదు? తెలుగులో చెప్పేసరికి ఎందుకు బయటపడింది? ఆలోచిస్తే అది వ్యాకరణం సంగతని తేలింది. పదో తరగతిలో మార్కుల కోసం చదివిన కర్తరి, కర్మణి వాక్యాలు 1,295 రూపాయల దగ్గర పనికొచ్చాయి.

మొదటి వాక్యం: "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం." రైల్వే స్టేషన్లో నిలబడినవాళ్లందరికీ ఇది కంఠతా వచ్చు. ఇందులో చింతించేది వాళ్లే, కానీ అసౌకర్యం మాత్రం దానంతటదే "కలిగింది". మనింట్లో చుట్టం కాలు జారి పడినా మనం చింతిస్తాం. అంతమాత్రాన మనం తోసినట్టు కాదు కదా. కాబట్టి ఈ వాక్యం సానుభూతి మాత్రమే, ఒప్పుకోలు కాదు. దీన్ని తప్పుపట్టక్కర్లేదు, అలాగని దీనికి మార్కులూ వేయక్కర్లేదు.

రెండో వాక్యం: "మీ రిటర్న్ విషయంలో జాప్యం జరిగినట్టు గమనించాం." దీన్ని నేను మొదట ఒప్పుకోలు అనుకున్నాను. తెలుగులో "గ్లాసు పగిలింది" అని ఒకటుంది, "గ్లాసు పగలగొట్టాను" అని ఇంకొకటుంది. చిన్నప్పుడు మనమందరం అమ్మ దగ్గర మొదటిదే వాడాం. "జరిగింది", "అయిపోయింది", "పడిపోయింది" అన్న క్రియలకు చేసినవాడు అక్కర్లేదు. పైగా "గమనించాం" అనడంతో వాళ్లు ఈ కథలో చూసినవాళ్లయ్యారు తప్ప చేసినవాళ్లు కాలేదు. ఒప్పుకునేవాడైతే "మేం ఆలస్యం చేశాం" అంటాడు. "మేం", "చేశాం" ఒకే వాక్యంలో పక్కపక్కన ఉన్నాయా అని వెతకాలి.

మూడో వాక్యం: "రిఫండ్ ఇనిషియేట్ చేయబడింది." ఇది కొంచెం సాంకేతికం. రిఫండ్ ఒక్క గంతులో మన ఖాతాలో పడదు. అమ్మిన సంస్థ పేమెంట్ గేట్‌వేకు డబ్బు వెనక్కివ్వమని చెబుతుంది. గేట్‌వే తన బ్యాంకుకు చెబుతుంది, ఆ బ్యాంకు నుంచి మన బ్యాంకుకు వస్తుంది. "ఇనిషియేట్" అంటే మొదటి అడుగు వేశారని మాత్రమే అర్థం, డబ్బు చేరిందని కాదు. ఆ అడుగైనా ఎవరు వేశారు, ఏ తేదీన వేశారు? "చేయబడింది" అన్న మాట ఆ రెంటినీ మింగేసింది. మనం ఇంట్లో "అన్నం వండబడింది" అనం, "అమ్మ అన్నం వండింది" అంటాం. అందుకే ఇంగ్లీషు మెయిల్‌ను నోటి తెలుగులోకి మార్చడం మంచి పరీక్ష. మారుస్తుంటే ఒకచోట నాలుక ఆగిపోతుంది, "ఎవరు?" అని. అక్కడే తప్పించుకున్నారన్నమాట.

నాలుగో వాక్యం: "మొత్తం కనిపించడానికి ఐదు నుంచి ఏడు పనిదినాలు పట్టవచ్చు, అప్పటికీ రాకపోతే మీ బ్యాంకును సంప్రదించండి." దీని మీద నాకు బాగా కోపం వచ్చింది, బంతిని బ్యాంకు మీదికి తోసేశారని. కానీ ఈ ఒక్క విషయంలో నేను తొందరపడ్డాను. ఇదే వాక్యం నిజమైన సహాయం కూడా కావచ్చు. తేడా చేసేది ఒక నంబరు. యూపీఐ చెల్లింపుకు పన్నెండంకెల రిఫరెన్స్ నంబరు ఉంటుంది, దాన్ని ఆర్.ఆర్.ఎన్. అంటారు. కార్డు రిఫండ్‌కైతే ఏ.ఆర్.ఎన్. ఉంటుంది. ఆ నంబరు ఇచ్చి బ్యాంకుకు వెళ్లమంటే దారి చూపించినట్టు, ఎందుకంటే కౌంటర్లో దాంతో వెతకగలరు. నంబరు లేకుండా వెళ్లమంటే బ్యాంకువాళ్లు "మా దగ్గరికి ఏం రాలేదు, అమ్మినవాళ్లనే అడగండి" అంటారు. మనం రెండు గుమ్మాల మధ్య తిరుగుతూ ఉంటాం. నా మెయిల్‌లో నంబరు లేదు.

ఐదో వాక్యం: "గుడ్‌విల్‌గా మీకు 100 రూపాయల కూపన్ ఇస్తున్నాం." చూడండి, మెయిల్ మొత్తంలో వాళ్లు కర్తగా నిలబడి ఏదైనా "ఇస్తున్నాం" అన్నది ఈ ఒక్కచోటే! బాకీ దగ్గర కనిపించని కర్త బహుమతి దగ్గర ప్రత్యక్షమయ్యాడు. నాకు రావాల్సింది నా డబ్బు, వచ్చింది వాళ్ల దయ. పైగా ఆ కూపన్ వాడాలంటే మళ్లీ వాళ్ల దగ్గరే కొనాలి. ఇది చిన్న విషయం కాదు. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఓలా క్యాబ్స్‌కు ఇచ్చిన ఆదేశం ఇలాంటి సంగతి మీదే. రిఫండ్ అడిగినవాళ్లకు కూపన్ మాత్రమే అంటగట్టకుండా, బ్యాంకు ఖాతాలోకి కావాలా కూపన్ కావాలా అన్నది వాళ్లనే ఎంచుకోనివ్వాలని చెప్పింది.

ఇలా విడదీశాక నేను తిరిగి మూడే ప్రశ్నలు రాశాను. రిఫండ్ ఏ తేదీన పంపారు? ఎంత పంపారు? రిఫరెన్స్ నంబరు ఏది? కోపం చూపించలేదు, బెదిరించలేదు. కింద ఒక వాక్యం మాత్రం చేర్చాను: 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఈ మెయిల్‌ను మీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఫిర్యాదుగా తీసుకోండి, అని. ఆ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అందుకే "మీ ఫిర్యాదు అందింది" అని వెంటనే వచ్చే మెయిల్‌ను మంచీ చెడూ అనకూడదు. అది రసీదు లాంటిది, అంతే.

రెండో జవాబు మూడు రోజులకు వచ్చింది. దాని సారాంశం ఇది: "మీ పార్శిల్ మా గోదాముకు చేరింది, కానీ మా సిబ్బంది దాన్ని స్కాన్ చేయలేదు. అందువల్ల రిఫండ్ మొదలవ్వలేదు. మొదలైందని ముందు మీకు చెప్పడం మా పొరపాటు. ఈరోజు 1,295 రూపాయలు పంపాం, నంబరు ఇది. గురువారంలోగా రాకపోతే ఇదే మెయిల్‌కు రాయండి, బ్యాంకుతో మేమే మాట్లాడతాం."

ఇందులో "చింతిస్తున్నాం" లేదు. కూపన్ లేదు. కానీ ప్రతి క్రియకూ కర్త ఉన్నాడు, డబ్బుకు లెక్క ఉంది, గురువారం అనే గడువు ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, ఈ మెయిల్ రేపు అబద్ధమని తేలే అవకాశం ఉంది. శుక్రవారం ఖాతా చూస్తే తెలిసిపోతుంది. మొదటి మెయిల్‌లో రిఫండ్ మొదలైందన్న మాట తప్ప మిగతాదేదీ ఎన్నటికీ అబద్ధం కాదు. జాప్యం జరిగింది, నిజమే. ఏడు రోజులు "పట్టవచ్చు", పట్టకపోవచ్చు. ఏది జరిగినా దొరకని మాటలతో అల్లారు. నా తీర్పు ఇక్కడే ఉంది: రేపు తప్పని తేలితే పట్టుబడేలా రాసినవాడు బాధ్యత తీసుకున్నట్టు, పట్టుబడకుండా రాసినవాడు తప్పించుకున్నట్టు. సారీ ఉందా లేదా అన్నది దీని తర్వాతే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. తప్పు నిజంగా కొరియర్‌వాడిదే అయితే ఆ మాట చెప్పడం కూడా తప్పించుకోవడమేనా? కాదు. కారణం వేరు, బాధ్యత వేరు. "కొరియర్ ఆలస్యం చేసింది, అయినా మీ డబ్బు మేం ఫలానా రోజుకిస్తాం" అంటే కారణం చెప్పి బాధ్యత తీసుకున్నారు. "కొరియర్ ఆలస్యం చేసింది, దయచేసి ఓపిక పట్టండి" అంటే కారణాన్ని అడ్డం పెట్టుకున్నారు. వేరొకరి పేరు రాగానే గొడవపడకుండా ఆ తర్వాతి సగం చదవాలి.

ఇంకో మాట. హైదరాబాద్‌లో సపోర్టు టీములో పనిచేసిన ఒక సీనియర్ అన్నను అడిగాను. రెడీగా ఉన్న జవాబుల్లోంచి ఒకటి ఎంచుకుని పంపడమే ఎక్కువ పని, ఒక్కో మెయిల్‌కు నిమిషాలే దొరుకుతాయి, "మా తప్పు" అని సొంతంగా రాసే చనువు అందరికీ ఉండదు అన్నాడు. కాబట్టి కింద పేరున్న మనిషిని తిట్టి లాభం లేదు. ఆ "చేయబడింది" అతను కనిపెట్టింది కాదు. రేపు మనలో కొందరం ఆ కుర్చీలోనే కూర్చుంటాం. జవాబు రాకపోతే తిట్ల కంటే 1915 నంబరు నయం, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది.

డబ్బు బుధవారమే పడింది. నాయిన ఫోన్ చేసి "వచ్చినయి రా, ఇగ చదువుకో" అన్నాడు. చదువుకుందామని కూర్చుంటే ల్యాబ్ రికార్డు సంగతి గుర్తొచ్చింది. రెండు వారాల క్రితం మా సార్‌కు నేను రాసిన లెటర్ ఫోన్లోనే ఉంది. తీసి చూశాను: "అనివార్య కారణాల వల్ల రికార్డు సమర్పించడంలో ఆలస్యం జరిగినది." కర్త లేడు, తేదీ లేదు! దాన్ని కొట్టేసి "సార్, నేను రాయలేదు. సోమవారం ఉదయం ఇస్తాను" అని మళ్లీ రాసి పంపాను. సోమవారం ఇవ్వాల్సి వచ్చింది.