సింగపూర్ కంటే ఎక్కువ వాన, అయినా వర్షారణ్యం కాదు!

ఈసారి వంటింటి కబుర్లకి సెలవు, పిల్లలకి క్విజ్. సెకండరీ స్కూల్లో ఏ దేశంలో చదివినా జాగ్రఫీలోనో, బయాలజీలోనో 'బయోమ్‌లు' అనే పాఠం వస్తుంది. ఒకే రకం వాతావరణం ఉన్న చోట్ల, అవి ఎంత దూరంగా ఉన్నా, ఒకే తీరు చెట్లూ జంతువులూ కనిపిస్తాయి. అలాంటి పెద్ద ప్రాంతాన్ని బయోమ్ అంటాం. వర్షారణ్యం, సవన్నా, ఎడారి, టండ్రా వగైరాలన్నీ అవే.

చాలామంది పిల్లలు దీన్ని 'వాన ఎక్కువైతే అడవి, తక్కువైతే ఎడారి' అని గుర్తు పెట్టుకుంటారు. పరీక్షలో తప్పు జవాబులు అల్లేది సరిగ్గా ఆ నమ్మకం మీదే. ఏడాదికి ఎంత వాన అన్నదొక్కటే చాలదు, ఏ నెలల్లో కురిసిందో, అప్పుడు ఎంత వేడిగా ఉందో కూడా చూడాలి. ఈ ఆరు ప్రశ్నలూ అది నేర్పడానికే. మేం ఉండే యాంగోన్ నించే మొదలుపెడతాను. పిల్లలు జవాబు చెప్పాక 'మిగతా మూడూ ఎందుకు కావు?' అని అడగడం మాత్రం మర్చిపోకండి.

1. యాంగోన్‌లో ఏడాదికి సుమారు 2,700 మి.మీ. వాన. సింగపూర్‌లో సుమారు 2,100 మి.మీ. అయినా సింగపూర్‌ది వర్షారణ్యం, యాంగోన్‌ది ఋతుపవన అడవి. కారణం?

అ) సింగపూర్‌లో వేడి ఎక్కువ
ఆ) సింగపూర్‌లో ప్రతి నెలా వాన పడుతుంది
ఇ) యాంగోన్‌లో నేల మంచిది కాదు
ఈ) సింగపూర్ ద్వీపం

జవాబు: ఆ. ఇక్కడ ఒక్క జులైలోనే 500 మి.మీ. దాటుతుంది. గొడుగు ఉన్నా లేనట్టే! కానీ జనవరి, ఫిబ్రవరి, మార్చి మూడూ కలిపినా 30 మి.మీ. రాదు. సింగపూర్‌లో అలాంటి ఎండు నెల లేదు.

శీతోష్ణస్థితులని వర్గీకరించిన వ్లాదిమిర్ కోపెన్ పద్ధతిలో లెక్క ఇలా ఉంటుంది. ఏడాది పొడుగునా వేడిగా ఉండే చోట అతి తక్కువ వాన పడే నెలలో కూడా 60 మి.మీ. ఉంటే అది వర్షారణ్య వాతావరణం. అంత లేకపోతే, ఏడాది వానని 25తో భాగించి, వచ్చినదాన్ని 100లోంచి తీసేయాలి. ఎండు నెల వాన ఆ సంఖ్యకి సమానంగా కానీ ఎక్కువగా కానీ ఉంటే ఋతుపవన రకం, తక్కువైతే సవన్నా రకం.

యాంగోన్‌కి: 100 − (2700 ÷ 25) = −8. ఎండు నెలలో చుక్క పడకపోయినా మైనస్ ఎనిమిది కంటే ఎక్కువే కదా, కాబట్టి ఋతుపవన రకం. విశాఖపట్నంలో వాన సుమారు 1,100 మి.మీ. అక్కడ 100 − 44 = 56. విశాఖలో ఎండు నెల వాన అందులో సగం కూడా ఉండదు, కాబట్టి సవన్నా రకం. అలాగని విశాఖ కొండల మీద ఆఫ్రికా గడ్డిమైదానం కోసం వెతక్కండి. సవన్నా అన్నది వాతావరణం పేరు. అలాంటి వాతావరణంలో నేలనీ, మంటలనీ, పశువుల మేతనీ బట్టి గడ్డీ పెరగొచ్చు, ఎండు ఆకురాల్చే అడవీ పెరగొచ్చు.

2. బర్మా టేకు చెట్టు ఆకులు ఎందుకు రాలుస్తుంది?

అ) చలికి తట్టుకోలేక
ఆ) ఎండ చాలక
ఇ) ఎండు నెలల్లో నీళ్ళు పొదుపు చేసుకోడానికి
ఈ) ఆకులకి తెగులు పట్టి

జవాబు: ఇ. అమెరికా, యూరప్‌లలో పెరిగే పిల్లలు 'అ' అనడానికే మొగ్గు చూపుతారు. వాళ్ళకి ఆకు రాలడమంటే అక్టోబరు చలి. బాగో కొండల్లోని టేకు అడవికి గడ్డకట్టే చలి తెలియదు. టేకు ఆకు విస్తరాకంత ఉంటుంది, దాన్నించి చాలా నీరు ఆవిరైపోతుంది. వేళ్ళకి తడి అందని నెలల్లో అంత ఆకుని మోయడం చెట్టుకి నష్టం. అందుకే వదిలేసి, తొలకరికి మళ్ళీ చిగురిస్తుంది.

దీనికి సాక్ష్యం మీ ఇంట్లోనే ఉండొచ్చు. టేకు బల్ల ఉంటే దాని అంచులో కోసిన ముఖం చూపించండి. ఎండు కాలంలో ఎదుగుదల ఆగిపోతుంది కాబట్టి ఏడాదికొక గీత పడుతుంది. ఎండు కాలమే లేని వర్షారణ్యంలో చాలా చెట్లకి ఇంత స్పష్టమైన వలయాలు ఉండవు.

3. బంగాళాఖాతం ఒడ్డున ఉన్న సిత్వేలో ఏడాదికి 4,500 మి.మీ. పైన వాన. దేశం మధ్యలో ఉన్న బగాన్‌లో సుమారు 600 మి.మీ. ఎందుకు?

అ) బగాన్‌లో అడవులు నరికేశారు
ఆ) మధ్యలో అరకాన్ కొండలు అడ్డున్నాయి
ఇ) బగాన్ భూమధ్యరేఖకి దూరం
ఈ) బగాన్ పక్కన నది లేదు

జవాబు: ఆ. నైరుతి గాలి సముద్రం మీద నించి తేమ మోసుకొచ్చి కొండని ఎక్కుతుంది. ఎక్కేకొద్దీ చల్లబడి, ఆ తేమంతా ఇవతలి వాలు మీదే కురిపించేస్తుంది. అవతలికి దిగేటప్పుడు మళ్ళీ వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి తడిని వదలదు. అదే వర్షచ్ఛాయ ప్రాంతం. పడమటి కనుమల చాటున అనంతపురం ఎండిపోయేదీ ఇలాగే.

'ఈ' ఎలాగూ కాదు, బగాన్ ఐరావతి నది ఒడ్డునే ఉంది. నది పక్కన పారినంత మాత్రాన వాన పడదు. 'ఇ' కూడా కాదు, ఎందుకంటే రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. బగాన్ చుట్టుపక్కల కనిపించేవి ముళ్ళ తుమ్మలూ, తాటిచెట్లూ, తాటిబెల్లం బట్టీలూ. మన పల్లెల్లోంచి వచ్చినవాళ్ళకి అది పరాయి ఊరనిపించదు.

4. ఒక ఊళ్ళో ఏడాది వాన సుమారు 580 మి.మీ. అదంతా చలికాలంలోనే. వేసవిలో దాదాపు సున్నా. చలి ఉన్నా నేల గడ్డకట్టదు. ఏ బయోమ్?

అ) ఉష్ణమండల ముళ్ళ పొదలు
ఆ) మధ్యధరా రకం పొదలు
ఇ) టైగా
ఈ) ఋతుపవన అడవి

జవాబు: ఆ. ఆ ఊరు శాన్‌ఫ్రాన్సిస్కో. అనంతపురంలోనూ వాన సుమారు 550 మి.మీ., తేడా అంతా కాలంలోనే ఉంది. అనంతపురంలో వేడిగా ఉన్నప్పుడే వాన కురుస్తుంది, మొక్కలు వెంటనే పెరుగుతాయి. కాలిఫోర్నియా మొక్కకి వెచ్చగా ఉన్నప్పుడు నీళ్ళుండవు, నీళ్ళున్నప్పుడు వెచ్చదనం ఉండదు. అందుకే నీటిని పట్టి ఉంచే, తోలులాంటి మందపాటి చిన్న ఆకులతో ఏడాదంతా పచ్చగా ఉండే పొదలు అక్కడ పెరుగుతాయి.

గ్రాఫ్ ఇచ్చినప్పుడు ఇక్కడొక మెలిక ఉంటుంది. పెర్త్‌ది కూడా ఇదే బయోమ్, కానీ వానంతా జూన్, జులై, ఆగస్టుల్లో కనిపిస్తుంది. ఆ నెలలు చూడగానే పిల్లలు 'ఋతుపవనం' అని రాసేస్తారు. దక్షిణార్ధగోళంలో అది చలికాలం. ముందు ఉష్ణోగ్రత గీత ఎక్కడ దిగిందో చూసి, తర్వాతే వాన కడ్డీలు చూడమనండి.

5. టండ్రాలో మంచుతో కలిపినా చాలాచోట్ల ఏడాదికి 250 మి.మీ. మించదు, అంటే ఎడారికి దగ్గర. మరి వేసవిలో నేలంతా చిత్తడి ఎందుకు?

అ) సముద్రం పొంగి
ఆ) వేసవిలో కుండపోత వానలు కురిసి
ఇ) నదులు ఎక్కువై
ఈ) అడుగున నేల గడ్డకట్టి ఉండి, నీరు ఇంకక, చలికి ఆవిరీ కాక

జవాబు: ఈ. వేసవిలో పైపొర మాత్రమే కరుగుతుంది. దాని కింద ఏళ్ళ తరబడి గడ్డకట్టి ఉన్న నేల గిన్నె అడుగులా నీటిని ఆపేస్తుంది. ఎండకి బలం లేదు కాబట్టి ఆవిరయ్యేదీ తక్కువే. అదే 250 మి.మీ. రాజస్థాన్‌లో పడితే రోజుల్లో ఆరిపోతుంది. అంటే నేలకి మిగిలే తడి, పడిన వానలోంచి ఆవిరైపోయింది తీసేస్తే వచ్చేదన్నమాట.

టండ్రాలో చెట్లు ఎందుకు లేవంటే వేసవి చాలక. అన్నిటికన్నా వెచ్చని నెల సగటు 10 డిగ్రీలు దాటని చోట చెట్టు నిలవడం కష్టం. ఆ గీతకి ఇవతల టైగా, అవతల టండ్రా.

6. కొన్ని మడచెట్ల వేళ్ళు బురదలోంచి పైకి పెన్సిళ్ళలా ఎందుకు పొడుచుకొస్తాయి?

అ) వాన నీరు తాగడానికి
ఆ) గాలి తీసుకోడానికి
ఇ) ఎండ కోసం
ఈ) చేపలని ఆపడానికి

జవాబు: ఆ. రోజూ పోటు నీటిలో మునిగే బురదలో ఆక్సిజన్ ఉండదు. అందుకని వేరు పైకొచ్చి, సన్నని రంధ్రాల గుండా గాలి పీల్చుకుంటుంది.

ఈ ప్రశ్న చివర పెట్టడానికి కారణముంది. పైన చెప్పిన వాన లెక్కలు మడ అడవికి పనికిరావు. తడిసి ముద్దయ్యే ఐరావతి డెల్టాలో మడ ఉంది, ఏడాదికి 100 మి.మీ. కూడా పడని అబుదాబిలోనూ ఉంది. దానికి కావలసినవి పోటూపాటూ, ఉప్పునీరూ, గడ్డకట్టని వాతావరణమూ. మనకి తెలిసిన మడ అడవి కాకినాడ దగ్గర కోరింగ అభయారణ్యం. పాతకాలంలో ఆ కోరంగి రేవు నించి ఓడలెక్కి రంగం వచ్చారనే ఇక్కడ తెలుగువాళ్ళని కోరంగీలన్నారు. వాళ్ళు ఎక్కిన చోటా, దిగిన దేశం డెల్టాలోనూ ఒకే తీరు అడవి!

పిల్లలకి క్విజ్ అయిపోయాక ఒక్క పని చెప్పండి. మీరున్న ఊరి నెలవారీ ఉష్ణోగ్రత, వాన, పన్నెండేసి అంకెలు తీసి కాగితం మీద రాయమనండి. ఎంత చలికి దిగుతుంది, ఎండు నెలలో వానెంత, వాన వేడిలో కురుస్తోందా చలిలోనా అని ఈ వరసలోనే చూడమనండి. బయోమ్ పేరు వాళ్ళే చెప్పాక, కిటికీలోంచి కనిపించే చెట్టు దానికి సరిపోయిందో లేదో అడగండి. సరిపోకపోతే, ఆ చెట్టుకి ఎవరో రోజూ నీళ్ళు పోస్తున్నారేమో వెతకమనండి.