మండితేనే మంచిదని ఎవరు చెప్పారు?

మా ఇంట్లో పొద్దున ఆరు గంటలకు రోజూ ఒక చప్పుడు వినపడేది. అద్దం ముందు నిలబడి మా ఆయన రెండు చేతుల్లో లోషన్ పోసుకుని బుగ్గల మీద టపటపా కొట్టుకుని, పళ్ళ సందుల్లోంచి "స్స్స్" అనేవాడు. పిల్లలు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఆ "స్స్స్" వెనక రెండేళ్ళ బాధ ఉందని నాకు తర్వాత గాని తెలియలేదు.

ఆయన వరంగల్‌లో ఒక ప్రైవేటు ఆఫీసులో పని చేస్తాడు. గడ్డం నున్నగా ఉండాలని అక్కడ నియమం. పొద్దున్నే గీసుకుని, ఘన్‌పూర్ స్టేషన్‌లో రైలెక్కి వెళ్ళేసరికి ముఖం ఎర్రగా కందిపోయి ఉండేది. మెడ మీద కందికాయంత కాకపోయినా కందిగింజంత గడ్డలు. ఎండలో నడిస్తే మంట. పెళ్ళిళ్ళకు రమ్మంటే "నువ్వే పో" అనడం మొదలుపెట్టాడు.

నేను అడిగితే "మొగోళ్ళ ముచ్చట నీకెందుకే" అన్నాడు. మా అత్తమ్మ "జర మండుతది బిడ్డా, మండితేనే పట్టినట్టు" అంది. ఈ రెండు మాటల మీదే నాకు కోపం. నెల సరుకుల చిట్టీ రాసేది నేను. బట్టల సబ్బు నా చేతులకు పడకపోతే ఇల్లంతా కలిసి సబ్బు మార్చాం. పాపకు పౌడరు పడలేదంటే ఆ రోజే డబ్బా పారేశాం. మగవాడి ముఖం మండితే మాత్రం అది మందు పని చేస్తున్న గుర్తా?

మంట అంటే చర్మం దెబ్బతిన్నదని అది చెప్పుకునే మాట. అంతకు మించి ఏమీ కాదు. బ్లేడు వెంట్రుకతో పాటు పైపొర చర్మాన్ని కూడా సన్నగా గీకుతుంది. ఆ గీకిన చోట స్పిరిట్ పడితే భగ్గుమంటుంది. మంగలి షాపులో ఒకే కత్తి పది మందికి వాడిన రోజుల్లో ఆ స్పిరిట్‌కు ఒక పని ఉండేదేమో. సొంత రేజరుతో, శుభ్రమైన నీళ్ళతో ఇంట్లో గీసుకునే మనిషికి దాని అవసరం లేదు. అది చర్మంలోని తడిని, నూనెను లాగేస్తుంది. మర్నాడు ఆ ఎండిన చర్మం మీదే మళ్ళీ బ్లేడు నడుస్తుంది.

అసలు ప్రమాదం ఇంకోటి. మంట తట్టుకోలేక ఆయన ఒక మెడికల్ షాపులో అడిగాడు. చీటీ లేదు, ఏమీ లేదు. ఒక చిన్న ట్యూబు చేతిలో పెట్టారట. మూడు రోజుల్లో ముఖం తేటగా అయింది. నేనూ సంతోషపడ్డాను. ఇక మండినప్పుడల్లా అదే. రెండు నెలలకు గీసుకోని రోజు కూడా ముఖం ఎర్రగానే ఉండసాగింది. బుగ్గల మీద దారాల్లాంటి సన్నని రక్తనాళాలు కనపడ్డాయి. చిన్న చిన్న మొటిమలు వచ్చాయి. ట్యూబు ఆపితే రెండో రోజుకే నిప్పులు పోసినట్టు మండేది, రాస్తే తగ్గేది. అంటే ఆ క్రీమే రోగమూ అయింది, మందూ అయింది.

హన్మకొండలో చర్మ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె ట్యూబు తిప్పి పేరు చదివింది. క్లోబెటసాల్. చాలా గట్టి స్టెరాయిడ్. ఇలాంటి ట్యూబుల్లో దానితో పాటు తామర మందు, యాంటీబయోటిక్ కూడా కలిపి ఉంటాయి, అందుకే దేనికైనా పనికొస్తుందని ఇచ్చేస్తారు. ముఖం చర్మం పలుచన, వారాల తరబడి రాస్తే ఇంకా పలుచనవుతుంది. మన దేశంలో ఇది ఎంత ఎక్కువంటే, చర్మ వైద్యులు దీనికి "టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్" అని పేరే పెట్టారు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఈ స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. చట్టం ఉంది. కౌంటరు మీద మాత్రం ట్యూబు అడిగితే చాలు.

ఆమె చెప్పిన మందులతో మానడానికి మూడు నెలలు పట్టింది. స్టెరాయిడ్ ఆపాక మొదటి వారాల్లో ఎరుపు ఇంకా ఎక్కువైంది. అలా అవుతుందని ముందే చెప్పింది కాబట్టి ఆయన మళ్ళీ ట్యూబు పట్టలేదు. ఎవరింట్లోనైనా ఇలాంటిది నెలల తరబడి వాడుతుంటే, సొంతంగా తంటాలు పడకుండా డాక్టరుకు చూపించి ఆపండి.

ఆ రోజు డాక్టరమ్మ అడిగిన ఒక ప్రశ్న నాకు కళ్ళు తెరిపించింది. "లోషన్ ఎక్కడిదాకా రాస్తారు?" ఆయన అరచేతులతో చూపించాడు. కళ్ళ కింద దాకా, చెవుల వెనక దాకా. "అక్కడ రేజరు నడవదు కదా, మరి అక్కడ కూడా ఎరుపెందుకు?" అంది. నిజమే. రేజరు తాకని చోట కందింది అంటే తప్పు లోషన్‌ది. గడ్డలు మెడ మీదే, రేజరు నడిచిన చోటే ఉన్నాయి అంటే తప్పు రేజరుది. మేము రెండేళ్ళు "షేవింగ్ పడటం లేదు" అని ఒకే మాట అన్నాం. అవి రెండు వేరే వేరే జబ్బులు.

ముఖం కుదుటపడేదాకా గీసుకోవద్దంది. ఆఫీసులో చీటీ చూపించి, ట్రిమ్మరుతో కాస్త గడ్డం ఉంచి కత్తిరించుకున్నాడు. తర్వాత ఒక్కొక్కటి విడిగా పరీక్షించాం. ఇందులో కష్టం ఏమీ లేదు. పాత లోషన్‌ను మోచేతి మడత దగ్గర రూపాయి బిళ్ళంత చోట, గీకకుండా, పొద్దున సాయంత్రం రాయాలి. కడగకూడదు. వారం రోజులు చూడాలి. నాలుగో రోజుకు ఆ బిళ్ళంత చోట ఎర్రగా అయి దురద పెట్టింది. దొంగ దొరికింది. క్రీమును ఇలా వదిలేయకూడదు, అది కడిగేసుకునేది కాబట్టి. తడి చేతి మీద నురగ రాసి, రెండు నిమిషాలుంచి కడిగాం. వారమైనా ఏమీ కాలేదు. రెండేళ్ళుగా ఆయన మార్చి మార్చి తిట్టినది ఆ క్రీమునే!

ఇక కొనడం సంగతి. డబ్బా ముందు వైపు "సెన్సిటివ్" అని నీలం అక్షరాలతో రాసి ఉంటే మురిసిపోకండి. వెనక్కి తిప్పి చదవండి. పదార్థాలు ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాస్తారు. లోషన్ మీద మొదటి రెండు మూడు పేర్లలో ఆల్కహాల్, లేదా ఆల్కహాల్ డినాట్ అని ఉంటే అది స్పిరిట్, పక్కన పెట్టండి. సీటైల్ ఆల్కహాల్, సీటో స్టియరిల్ ఆల్కహాల్ అని ఉంటే భయపడకండి. పేరు ఒకటే గాని అవి మైనంలాంటి మెత్తని పదార్థాలు, చర్మాన్ని కాపాడేవే. తర్వాత పర్ఫ్యూమ్ లేదా ఫ్రాగ్రెన్స్ అన్న మాట వెతకండి. మా ఆయనకు పడనిది అదేనని డాక్టరమ్మ అనుమానం. వాసన లేదని రాసినంత మాత్రాన సువాసన ద్రవ్యం లేదని కాదు, వేరే వాసనను కప్పడానికి వేసి ఉండొచ్చు. కాబట్టి వెనక జాబితానే నమ్మాలి. మెంథాల్ కూడా వద్దు. అది చల్లబరచదు, చల్లగా ఉన్నట్టు అనిపిస్తుంది అంతే.

ఇప్పుడు మా ఇంట్లో ఆఫ్టర్ షేవ్ అనే సీసానే లేదు. చల్లని నీళ్ళతో కడిగి, గుడ్డతో అద్ది, సువాసన లేని మామూలు మాయిశ్చరైజర్ రాస్తాడు. పటిక మంచిది కదా అని మా అత్తమ్మ అంది. తెగిన చోట రక్తం ఆపడానికి మంచిదే. ముఖమంతా రుద్దితే అదీ ఎండబెడుతుంది. షాపులో అందరి గాట్ల మీదా రుద్దిన ముక్క అయితే అసలే వద్దు.

రేజరు విషయంలో జనాన్ని ఎక్కువ మోసం చేసేది బ్లేడుల లెక్క. రెండు కన్నా మూడు, మూడు కన్నా ఐదు గొప్ప అంటారు. అలాంటి రేజర్లలో ముందు బ్లేడు వెంట్రుకను కాస్త పైకి లాగుతుంది, వెనకది కోస్తుంది. కోయగా మిగిలిన మొదలు చర్మం లోపలికి జారిపోతుంది. నున్నగా ఉంటుంది, నిజమే. ఉంగరాల వెంట్రుకైతే తిరిగి పెరిగేటప్పుడు బయటికి రాకుండా లోపలికే గుచ్చుకుంటుంది. ఆ కందిగింజ గడ్డలు అవే. మా ఆయన మెడ మీది వెంట్రుకలు అలాంటివే.

అందుకే పాత కాలపు ఒంటి బ్లేడు సేఫ్టీ రేజరు కొన్నాం. మొదటి వారం రెండు గాట్లు పడ్డాయి, అబద్ధం ఎందుకు? నొక్కకుండా దాని బరువుకే వదిలేయడం అలవాటు కావాలి. చెయ్యి కుదరని వాళ్ళకు రెండు బ్లేడుల మామూలు రేజరు చాలు. గడ్డలు అప్పటికీ తగ్గకపోతే ట్రిమ్మరుతో ఒక మిల్లీమీటరు వదిలి కత్తిరించుకోవడమే మేలు. ఏ ఆఫీసు నియమమూ చర్మం కన్నా ఎక్కువ కాదు.

పద్ధతి కూడా మార్చాడు. స్నానం ముందు కాదు, తర్వాత. మా బోరు నీళ్ళలో సబ్బు నురగ సరిగా రాదు, అందుకే గడ్డానికి తాగే నీళ్ళు ఒక గ్లాసు వేడి చేసి ఇస్తాను. రెండు మూడు నిమిషాలు తడి నానితే వెంట్రుక మెత్తబడుతుంది. రెండు రోజులు పెరిగిన గడ్డం మీద వేలు నడిపి, వెంట్రుక ఎటు వాలిందో చూసుకున్నాడు. మెడ మీద ఒక వైపు కిందికి, ఇంకో వైపు అడ్డంగా ఉంది. వాలిన వైపే గీస్తాడు, ఒక్కసారే, చర్మం లాగకుండా. నాలుగైదు సార్లకు బ్లేడు మారుస్తాడు.

చెంప మీద చెయ్యి పెడితే కాస్త గరుకుగా తగులుతుంది. తగలనీ. ఆ గరుకుతోనే మొన్న జనగామలో మా మరిది కూతురి పెళ్ళికి వచ్చాడు, ఫొటోలో ముందు వరసలో నిలబడ్డాడు.

పుట్టినరోజుకు మగవాళ్ళకు క్రీము, ఐదు బ్లేడుల రేజరు, నీలం సీసా ఉన్న గిఫ్టు పెట్టెలు కొనే అక్కలు, చెల్లెళ్ళు ఈ సారి ఆ సీసా వెనక వైపు ఒకసారి చదవండి. ఈ రాత్రే మీ బాత్రూం గూట్లో పేరు తెలియని చిన్న ట్యూబు ఏదైనా ఉందేమో కూడా చూడండి. చివర్లో "సోన్" అనో "సాల్" అనో కనపడితే, అది ఎవరు ఇచ్చారో, ముఖానికి ఎన్నాళ్ళుగా రాస్తున్నారో అడగండి. "మొగోళ్ళ ముచ్చట" అంటే ఊరుకోకండి.