ఈఎంఐ మారలేదు, గడువు పెరిగింది
2022 మొదట్లో రెపో రేటు 4 శాతం. దానిపై బ్యాంకు స్ప్రెడ్ 2.7 కలిపితే గృహరుణం 6.7 శాతానికి వచ్చేది. 20 ఏళ్లకు తీసుకున్న 30 లక్షలకు ఈఎంఐ సుమారు 22,700 రూపాయలు. రెపోతో ముడిపడ్డ రుణం రేటును కనీసం మూడు నెలలకోసారి సవరిస్తారు. స్ప్రెడ్ కదలకపోయినా రెపో పెరుగుదలంతా రుణగ్రహీత మీదే పడుతుంది. ఈఎంఐని ముట్టుకోకుండా రేటు ఒక్క శాతం పెంచితే 240 వాయిదాలు కాస్తా 294 అవుతాయి. 2023 ఫిబ్రవరికి రెపో 6.5కు చేరింది. 9.2 శాతం లెక్కన 30 లక్షలకు నెల వడ్డీయే 23,000. పాత ఈఎంఐ ఆ వడ్డీకే చాలదు, అసలు తరగడం మాట అటుంచి. గడువు మాత్రమే పెంచితే నెలనెలా ఖాతాలోంచి పోయే మొత్తం మారదు కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. ఒక్క శాతం పెరుగుదలకే అడగకుండా అదనంగా నాలుగున్నరేళ్ల అప్పు అంటగట్టడం అన్యాయమే. ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్నది రుణగ్రహీతకే వదలాలని 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. స్టేట్‌మెంట్‌లో ముందుగా చూడాల్సింది ఇంకా మిగిలిన వాయిదాల సంఖ్యనే.