తనిఖీ నివేదికకు కర్త ఎవరు?

"తగు చర్యలు తీసుకోబడును." తనిఖీ నివేదికలకు పాఠశాలల నుంచి వెళ్ళే జవాబుల్లో ఈ వాక్యం తరచుగా కనిపిస్తుంది. కర్మణి ప్రయోగంలో ఉన్న ఈ వాక్యానికి కర్త లేడు, తేదీ లేదు. అధికారి ఫైలులో కాగితం చేరుతుంది, మరుసటి తనిఖీలో అదే లోపం మళ్ళీ నమోదవుతుంది. ఈలోగా ఏడో తరగతి బాలిక ఒకరు బడి మానేస్తే, దానిని పేదరికం ఖాతాలోనో, ముస్లిం కుటుంబాల "అనాసక్తి" ఖాతాలోనో వేసేస్తారు.

వనపర్తి జిల్లా పెద్దమందడి మండలంలో 120 మంది పిల్లలున్న ఒక ప్రాథమికోన్నత పాఠశాలను ఊహించుకుందాం. బయటి నుంచి వచ్చిన తనిఖీ బృందం రెండు లోపాలు రాసింది. బాలికల మరుగుదొడ్లు వాడుకలో లేవు. మూడో తరగతిలో సగం మంది తెలుగు పేరా చదవలేకపోతున్నారు.

మొదటి లోపానికి "మరమ్మతులు చేయిస్తాం" అని రాస్తే పని జరగదు. ఎందుకు వాడుకలో లేవో ముందు తేల్చాలి. తలుపు గడియ ఊడిపోయిందా, శుభ్రం చేసేవారు లేరా, ట్యాంకుకు నీరే ఎక్కడం లేదా? ఒక్కో కారణానికి ఒక్కో బాధ్యుడుంటాడు. గడియ, శుభ్రత ప్రధానోపాధ్యాయుని చేతిలోని పనులు. సమగ్ర శిక్ష నిబంధనల ప్రకారం 100 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏటా 50,000 రూపాయల ఉమ్మడి గ్రాంటు ఉంది, అందులో కనీసం పది శాతం పారిశుద్ధ్యానికి వెచ్చించాలి. గడియకు వారం గడువు చాలు.

నీటి సంగతి వేరు. పంచాయతీ గొట్టం నుంచి నీరు రావలసి ఉంటే, దానిని రప్పించే అధికారం ప్రధానోపాధ్యాయునికి లేదు. తన చేతిలో లేని ఫలితానికి ఆయనను బాధ్యుణ్ణి చేస్తే ప్రణాళిక మొదటి నెలలోనే అబద్ధమవుతుంది. అందువల్ల ఆయన పనిని ఇలా రాయాలి: జులై 5లోగా పంచాయతీ కార్యదర్శికి లేఖ ఇచ్చి రసీదు తీసుకోవాలి, జులై 15 నాటికి నీరు రాకుంటే మండల విద్యాధికారికి రాతపూర్వకంగా నివేదించాలి. అప్పుడు పని ఎవరి బల్ల దగ్గర ఆగిందో తల్లిదండ్రులకు తెలుస్తుంది.

పని పూర్తయిందనడానికి కొత్త కుళాయి ఫొటో ఆధారం కాదు. పాఠశాల యాజమాన్య కమిటీలోని ఇద్దరు తల్లులు ముందుగా చెప్పకుండా రెండు వేర్వేరు రోజుల్లో విరామ సమయానికి వెళ్ళి చూడాలి. నీరు వస్తోందా, గడియ పడుతోందా, ఆడపిల్లలు నిజంగా లోపలికి వెళుతున్నారా? మూడో ప్రశ్నకు జవాబు దొరికే వరకు ఆ అంశాన్ని ముగించకూడదు.

చదువు లోపం ఇంతకంటే సున్నితమైనది. "ప్రత్యేక తరగతులు నిర్వహిస్తాం" అనే హామీ అందరికీ ఒకే మందు ఇస్తుంది. చదవలేని పదిహేను మందిలో కొందరికి గుణింతాలు, ఒత్తులు రావు. మరికొందరు అక్షరాలు కూడబలుక్కుని చదివేస్తారు గాని అర్థం పట్టుకోలేరు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లల్లో ఇలాంటివారు ఉండవచ్చు. వీరికి అక్షరాభ్యాసం మళ్ళీ చేయించడం వృథా. పాఠంలోని మాటలకు ఉర్దూలో అర్థం చెప్పి, తర్వాత తెలుగులో మాట్లాడించాలి. కాబట్టి తరగతి ఉపాధ్యాయుడు పది రోజుల్లో ఒక్కొక్కరి చేత విడిగా చదివించి, పేర్లను ఈ రెండు జాబితాలుగా వేరు చేయాలి. ఎనిమిది వారాల తర్వాత పిల్లలు ఎన్నడూ చూడని పేరాతో మళ్ళీ పరీక్షించాలి. ఈసారి వినవలసింది మరో ఉపాధ్యాయుడు. తన పనికి తానే మార్కులు వేసుకునే ఏర్పాటును ఎవరూ నమ్మరు.

ఇదంతా కొత్త భారమేమీ కాదు. విద్యాహక్కు చట్టం 2009లోని 21, 22 సెక్షన్లు యాజమాన్య కమిటీకి పర్యవేక్షణను, పాఠశాల అభివృద్ధి ప్రణాళిక రచనను అప్పగించాయి. కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. ఎయిడెడ్ మైనారిటీ పాఠశాలల విషయంలో 2012 సవరణ కమిటీని సలహాకే పరిమితం చేసింది. 2014లో సుప్రీంకోర్టు ప్రమతి తీర్పు ఆ చట్టమే మైనారిటీ పాఠశాలలకు వర్తించదన్నది. మన సంస్థల స్వయంప్రతిపత్తికి అది రక్షణే. అయితే తేదీలు రాయకుండా తప్పించుకోవడానికి అది సాకు కారాదు. ఇంగ్లాండులో 1996 నాటి తనిఖీ చట్టం, చేపట్టదలచిన చర్యలతో పాటు ఎంత కాలంలో చేస్తారో కూడా రాయాలని పాలకమండలిని ఆదేశించింది. అందుకు నలభై పనిదినాల గడువుండేది.

పేద బడికి ఐదారు పనులకు మించిన ప్రణాళిక మోయలేని బరువు. ప్రతి పని ఎదుట వ్యక్తి పేరు, పదవి రెండూ ఉండాలి. బదిలీ అయిన ఉపాధ్యాయుడు రిలీవ్ అయ్యే రోజున, ఇతర రికార్డులతో పాటు తన పనుల జాబితాను కూడా వచ్చినవారికి అప్పగించాలి. తేదీ దాటితే పాతదాన్ని చెరిపివేయకూడదు. గీత కొట్టి, కారణం రాసి, పక్కన కొత్త తేదీ వేయాలి. ఒకే పనిపై మూడు కొట్టివేతలు కనిపించిన రోజున కమిటీ ఆ బాధ్యుణ్ణి సమావేశానికి పిలిపించాలి. ఈ కాగితం తెలుగులోనూ ఉర్దూలోనూ నోటీసు బోర్డుపై ఉండాలి, చదువురాని తల్లుల కోసం ప్రతి సమావేశంలో బిగ్గరగా చదివి వినిపించాలి.